పరగడుపు టీ: గోడ గడియారం చెప్పే జవాబు

డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 34. తణుకులో ఒక ప్రైవేటు బడిలో టీచర్ని. ఉదయం 5 గంటలకు లేచి, ముఖం కడుక్కోగానే స్టీలు గ్లాసు నిండా చిక్కటి టీ తాగుతాను. ఏడాదిగా ఆ టీ పూర్తవుతుండగానే కడుపులో దేవినట్టు అవుతోంది, నోట్లో నీళ్లూరుతున్నాయి. 6 గంటలకల్లా గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు. వంట చేసేటప్పుడు లోపలంతా డొల్లగా అయిపోయి గుండె జారిపోతున్నట్టు, చేతులు సన్నగా వణుకుతున్నట్టు ఉంటుంది. టిఫిను తినేది బడిలో, 8:30కి. తిన్న పావుగంటకు అంతా సర్దుకుంటుంది. మా అత్తగారు పైత్యం అంటారు. మా వారు అదే గిన్నెలోని టీ తాగి హాయిగా ఉంటారు. మందుల షాపులో ఇచ్చిన గ్యాస్ బిళ్ల రోజూ వేసుకుంటే మంట కొంత తగ్గింది, మిగతావి తగ్గలేదు. మా టీ ఇదీ: రెండు గ్లాసులకు మూడు చెంచాల డస్ట్ టీపొడి, కొద్దిగా పాలు, 10 నిమిషాల మరుగు, గ్లాసుకు రెండు చెంచాల పంచదార. టీ మానేయాలా?
— ఒక పాఠకురాలు, తణుకు

అమ్మా,

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చినవి మీరు రాసిన వేళలు. చాలామంది "టీ పడటం లేదు, గ్యాస్ పడుతోంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మీరు తాగుతుండగా ఏమవుతోందో, గంటకు ఏమవుతోందో, పొయ్యి దగ్గర ఏమవుతోందో విడదీసి రాశారు. సగం జవాబు అందులోనే ఉంది. వికారం, మంట, డొల్లతనం మూడూ ఒకే గ్లాసులోంచి వస్తున్నా ఒకే దారిన రావడం లేదు. మొదటిది టీలోని వగరు చేసే పని. రెండోది మీ కడుపు చేసే పని. మూడోది రక్తంలో కలిసిన కెఫీన్, రాత్రి నుంచి అన్నం చూడని ఒళ్లు కలిసి చేసే పని. మీరు వేసుకుంటున్న బిళ్లకు వీటిలో నడిమిదానితోనే సంబంధం. అందుకే మంట కొంత తగ్గి, మిగతా రెండూ కదలకుండా కూర్చున్నాయి.

వికారం సంగతి ముందు చూద్దాం. గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే కడుపులో దేవుతోందంటే అది కెఫీన్ వల్ల కాదు. కెఫీన్ రక్తంలోకి చేరి తన ప్రభావం చూపడానికి అంతకన్నా ఎక్కువసేపు పడుతుంది. టీకి రంగునూ వగరునూ ఇచ్చే పదార్థాలు కొన్ని ఉన్నాయి, వాడుకలో వాటిని టానిన్లు అంటాం. పచ్చి అరటికాయ కొరికినప్పుడు, కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకున్నప్పుడు నోరు పట్టేసినట్టు అవుతుంది కదా, అది వీటి ప్రతాపమే. టానిన్లకు మాంసకృత్తులు కనబడితే పట్టుకుని ముద్దగా కట్టేసే గుణం ఉంది. మన లాలాజలం జారుడుగా ఉండేది అందులోని మాంసకృత్తుల వల్ల. వాటిని టానిన్ పట్టేసుకోగానే నాలుక గరుకుగా తగులుతుంది. మన ప్రాంతాల్లో తోళ్లు పదును చేయడానికి తంగేడు బెరడు వాడింది కూడా ఈ గుణం కోసమే. టీలో ఉన్నవి అచ్చంగా ఆ బెరడులోనివి కావు, మీ కడుపు తోలుసంచీ అయిపోదు. గుణం మాత్రం ఆ కుటుంబానిదే.

కడుపు లోపలి గోడ మీద పలచని జిగురు పొర ఉంటుంది. కడుపులో ఇంత అన్నమో, పెరుగో, పప్పో ఉంటే టానిన్లు ముందు వాటిలోని మాంసకృత్తులను పట్టుకుని అక్కడితో తృప్తి పడతాయి. పరగడుపున వాటికి అడ్డంగా ఏమీ ఉండదు. నేరుగా గోడకే తగులుతాయి. కడుపు చికాకు పడితే, అక్కడి నుంచి మెదడుకు వెళ్లే వేగస్ నాడి ఆ కబురును వాంతిని నడిపించే కేంద్రానికి మోసుకుపోతుంది. వాంతి నిజంగా రాకపోయినా శరీరం దానికి సిద్ధమవుతుంది. కడుపులోని ఆమ్లం పైకి వస్తే పళ్లూ నోరూ పాడవకుండా ముందుగానే లాలాజలం ఊరుతుంది. మీ నోట్లో నీళ్లు ఊరడానికి కారణం ఇది.

పాలు ఇక్కడ మీకు చుట్టం. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తి టానిన్లను గిన్నెలోనే పట్టేసుకుంటుంది. డికాషన్ నాలుక మీద వేసుకుంటే తగిలే వగరు, పాలు కలిపాక తగలకపోవడానికి కారణం అదే. మరి మీరు పాల టీనే తాగుతున్నారు కదా అంటే, మీ లెక్క చూడండి. మూడు చెంచాల డస్ట్ పొడి సుమారు 7, 8 గ్రాములు తూగుతుంది. బజారులో దొరికే టీ బ్యాగులో ఉండేది దాదాపు 2 గ్రాములు. అంటే మీ ఒక్క గ్లాసులో రెండు టీ బ్యాగుల పొడి ఉంది. అదీ 10 నిమిషాలు మరిగింది. అంత టానిన్‌ను పట్టుకోవడానికి మీరు పోసే కొద్దిపాటి పాలు చాలవు.

పది నిమిషాల మరుగు గురించి ఇంకో మాట. మన ఇళ్లలో వాడే డస్ట్ టీ ఆకును నలిపి, చీల్చి, చిన్న గుళికలుగా చుట్టిన రకంలో సన్నటి భాగం. పొడి ఎంత సన్నగా ఉంటే నీళ్లలోకి అంత త్వరగా దిగుతుంది. మరుగుతున్న నీళ్లలో మూడు నాలుగు నిమిషాలకే రంగు వచ్చేస్తుంది, హుషారునిచ్చే కెఫీన్‌లోనూ చాలా భాగం దిగిపోతుంది. ఆ తర్వాత మరిగించే ఆరేడు నిమిషాల్లో గ్లాసులోకి కొత్తగా వచ్చేది ముఖ్యంగా వగరే. "బాగా మరిగితేనే టీ" అనుకునేవాళ్లకు ఈ మాట రుచించదని తెలుసు. రంగు చూసి టీ పట్టు తేల్చడం మనకు అలవాటు. మీ కడుపు తేల్చుకునేది రంగును బట్టి కాదు.

ఇక 6 గంటల మంట. టీలో ఆమ్లం ఎక్కువనీ, అదే కడుపును కాలుస్తుందనీ చాలామంది నమ్మకం. మామూలు టీ పీహెచ్ 5 దగ్గర ఉంటుంది. ఖాళీ కడుపులోని జీర్ణరసం పీహెచ్ 2, లేదా అంతకన్నా తక్కువ. పీహెచ్ ఒక అంకె తగ్గితే ఆమ్ల బలం పది రెట్లు పెరుగుతుంది కాబట్టి, మీ జీర్ణరసం ముందు టీ దాదాపు నీళ్ల కిందే లెక్క. మంట టీలోంచి రావడం లేదు. టీ వచ్చిందని కడుపు తనంతట తాను ఆమ్లాన్ని ఊరిస్తోంది. కెఫీన్ ఆ ఊటను పెంచుతుంది. టీలోని మిగతా పదార్థాలు కూడా పెంచుతాయి. పాలు మొదట చల్లగా అనిపించినా, వాటిలోని మాంసకృత్తులూ కాల్షియమూ కాసేపటికి అదే పని చేస్తాయి. పాలు వగరుకు మందే కానీ మంటకు కాదు.

అన్నం తిన్నప్పుడు కూడా ఆమ్లం ఊరుతుంది, ఇంకా ఎక్కువే ఊరుతుంది. కానీ అప్పుడు దానికి చేయడానికి పని ఉంటుంది. ముద్ద కడుపులో రెండు మూడు గంటలు కూర్చుని ఆమ్లాన్ని పీల్చుకుంటుంది. టీ అలా కాదు. ద్రవం కాబట్టి అరగంటలోపే చాలా భాగం పేగులోకి జారిపోతుంది. పిలిచినవాడు వెళ్లిపోయాడు, పిలుపు విని వచ్చిన ఆమ్లం మిగిలిపోయింది. పైగా అన్నవాహికకూ కడుపుకూ మధ్య ఉండే బిగువైన కండరపు కవాటాన్ని కెఫీన్ కొంత వదులు చేస్తుంది. మీరు రాయలేదు గానీ నాకొక అనుమానం ఉంది. టీ తాగాక వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేయడానికి వంగుతారా? వదులైన కవాటం, పైన ఆహారం లేని ఆమ్లం, నడుము వంచడం, ఈ మూడూ కలిస్తే పుల్లటి తేన్పు రాకుండా ఉండదు. ముగ్గు ముందు, టీ తర్వాత పెట్టుకోగలిగితే ఖర్చులేని మందు అది.

గ్యాస్ బిళ్ల మాట. మీరు పేరు రాయలేదు, పాంటోప్రజోల్ జాతిది అయి ఉంటుందని అనుకుంటున్నాను. ఆ బిళ్లలు కడుపు గోడలో ఆమ్లాన్ని బయటికి తోడే సూక్ష్మమైన పంపులను మూసేస్తాయి. అయితే పనిలో ఉన్న పంపులనే మూయగలవు. ఆ పంపులను ఒక్కసారిగా పనిలోకి దించేది భోజనం. అందుకే వాటిని ఆహారానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోమంటారు. 5 గంటలకు బిళ్ల వేసుకుని 8:30 దాకా ఏమీ తినకపోతే మందు బలం సగం గాలికి పోతుంది. రెండు వారాలు దాటి వాడాల్సి వస్తే ఎందుకు వాడుతున్నారో ఒక డాక్టరు చూసి తేల్చాలి. షాపు కౌంటర్ దగ్గర తేలే విషయం కాదది.

మూడోది, మిమ్మల్ని ఎక్కువ భయపెడుతున్నదని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. లోపల డొల్లగా అయిపోవడం, గుండె జారడం, చేతుల వణుకు. దీనికి మీ గ్లాసులోని కెఫీన్ లెక్క వేయాలి. టీపొడిలో కెఫీన్ ఇంచుమించు 3 శాతం ఉంటుంది. 7, 8 గ్రాముల పొడిలో 200 మిల్లీగ్రాముల పైచిలుకు. చాలా భాగం దిగేలా మరిగించారు కాబట్టి గ్లాసుకు 100 దరిదాపుల్లో వస్తుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువడిన ఆహార మార్గదర్శకాల్లో ఒక కప్పు టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు, డికాషన్ కాఫీలో 80 నుంచి 120 ఉంటుందని చెప్పింది. రోజు మొత్తానికి 300 దాటవద్దంది. అంటే మీరు టీ అనుకుని తాగుతున్నది, కెఫీన్ లెక్కలో, ఒక గట్టి ఫిల్టర్ కాఫీ.

అన్నం అడ్డులేని కడుపులోంచి అది త్వరగా పేగుకు చేరుతుంది. రక్తంలో దాని మోతాదు సాధారణంగా అరగంట నుంచి గంటలోపు శిఖరానికి చేరుకుంటుంది. మీరు కూర పొయ్యి మీద పెట్టే వేళకు సరిపోయిందా? నరాలను నెమ్మదింపజేసే అడినోసిన్ అనే పదార్థానికి కెఫీన్ అడ్డుపడుతుంది. ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. గుండె కొట్టుకోవడం మనకే తెలుస్తుంది, వేళ్ల చివర్లు వణుకుతాయి, అరచేతులు చెమరుస్తాయి. భయపడినప్పుడు జరిగేవి కూడా ఇవే. భయపడటానికి కారణమేమీ లేకపోయినా, ఆ గుర్తులను చూసి మనసు ఏదో జరగబోతోందని అనుకుంటుంది. గుండె జారినట్టుండటం చాలావరకు అదే.

డొల్లతనానికి ఇంకో భాగస్వామి ఉంది, ఆకలి. ఖాళీగా ఉన్న కడుపు ఊరికే ఉండదు. గంటన్నర, రెండు గంటలకు ఒకసారి పైనుంచి కిందికి బలమైన అలలా ముడుచుకుంటూ మిగిలిన తుక్కును పేగులోకి ఊడ్చుకుంటుంది. కడుపులో గుడగుడలు వినిపించేది అప్పుడే. రాత్రి 8:30కి భోంచేశారనుకుంటే ఉదయం 8:30కి పన్నెండు గంటలు. ఆ గ్లాసు టీలో ఉన్న పంచదార, పాలు కలిపి చూసినా శక్తిలో రెండు ఇడ్లీల పాటి కూడా చేయవు. కడుపు నిండినట్టు కాసేపు అనిపించి, అది జారిపోగానే ఆకలి అల మళ్లీ వస్తుంది. పైన కెఫీన్ దడ, కింద ఆకలి ఊడ్పు, రెంటి మధ్యా ఒళ్లు డొల్ల అనిపించకుండా ఎలా ఉంటుంది? టిఫిను తిన్న పావుగంటకు సర్దుకోవడం కూడా దీనికి సాక్ష్యమే. తిండి పడగానే ఆ ఊడ్పు ఆగిపోతుంది, ఆమ్లానికి పని దొరుకుతుంది. కెఫీన్ మాత్రం ఇంకా ఉంటుంది, సగానికి తగ్గడానికే దానికి సుమారు 5 గంటలు కావాలి. మిగతావి నెమ్మదించాక అదొక్కటీ అంతగా తెలియదు.

షుగర్ పడిపోతోందేమో అనే అనుమానం రావచ్చు. మధుమేహం మందులు వాడనివారిలో ఆ వేళప్పుడు నిజంగా పడిపోవడం అరుదు. రాత్రంతా కాలేయం రక్తానికి చక్కెర అందిస్తూనే ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా గ్లూకోమీటరు ఉంటే వణుకు వచ్చినప్పుడు ఒకసారి చూసుకోండి. 70 పైన ఉంటే ఆ అనుమానం అక్కడితో వదిలేయవచ్చు.

ఇది నేను పుస్తకంలో కన్నా ముందు నా ఒంటి మీద నేర్చుకున్న సంగతి. హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో నైట్ డ్యూటీలో తెల్లవారుజామున 4 గంటలకు గేటు బయటి బండి దగ్గర టీ తాగేవాణ్ణి. 5 గంటలకు రక్తం తీయడానికి సూది పట్టుకుంటే చెయ్యి వణికేది. గుండె జబ్బేమో అని భయపడి, వార్డులో ఎవరూ చూడకుండా నాకు నేనే ఈసీజీ తీసుకున్నాను. బాగానే ఉంది. ఒకరోజు తీరిగ్గా నిలబడి చూస్తే తెలిసింది. బండి అతను వడకట్టిన పిప్పి పారేయకుండా దాని మీదే కొత్త పొడి వేసి సాయంత్రం నుంచి మరిగిస్తున్నాడు. మర్నాడు టీకి ముందు ఒక బన్ను తిన్నాను. వికారం ఆ రోజే పోయింది. వణుకు పోలేదు, కాస్త ఆలస్యంగా వచ్చింది అంతే. గ్లాసుకు బదులు అర గ్లాసు అడగడం మొదలుపెట్టాకే అది పోయింది. వికారానికీ వణుకుకూ మందు ఒకటి కాదని అప్పుడు అర్థమైంది.

మీ వారి సంగతి. కెఫీన్‌ను విరిచే ఎంజైము కాలేయంలో ఉంటుంది, దాని వేగం పుట్టుకతోనే మనిషి మనిషికీ తేడాగా ఉంటుంది. పొగ తాగేవారిలో ఆ వేగం బాగా పెరుగుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలలో బాగా తగ్గుతుంది, అంటే అదే గ్లాసు ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది. మీరు ఆ మాత్రలు వాడుతుంటే ఒక్క కారణం అక్కడే దొరికినట్టు. ఒంటి బరువు, టీ తాగాక ఎంతసేపటికి తింటారన్నది కూడా లెక్కలోకి వస్తాయి. ఆయనకు పడుతోంది కాబట్టి మీకూ పడాలన్న రూలేమీ లేదు.

టీ మానేయాలా అని అడిగారు. ఒక్కసారిగా మానవద్దు. రోజూ ఇంత కెఫీన్‌కు అలవాటుపడ్డ ఒళ్లు, చివరి టీ తర్వాత 12 నుంచి 24 గంటల్లో తలనొప్పితో, మందకొడితనంతో, కొందరిలో వికారంతో కూడా ఎదురు తిరుగుతుంది. అప్పుడు మీ వికారం టీ వల్లనో, టీ లేకపోవడం వల్లనో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఒక్కో మార్పు విడివిడిగా చేద్దాం.

మొదటి నాలుగు రోజులు టీని ఏమీ మార్చకండి. అదే పొడి, అదే మరుగు. దానికి 10, 15 నిమిషాల ముందు ఏదైనా తినండి. రాత్రి మిగిలిన అన్నంలో ఇంత పెరుగు కలుపుకుని నాలుగు ముద్దలు తింటే అంతకన్నా మంచిది లేదు. టీ మన ఊళ్లకు రాకముందు పొలానికి వెళ్లే రైతు పొద్దున్నే తిన్నది ఆ చద్దన్నమే. అంత పొద్దున అన్నం సయించకపోతే ఒక అరటిపండు, గుప్పెడు వేయించిన వేరుశనగ గింజలు. ఏదీ లేకపోతే రెండు బిస్కెట్లయినా ఫర్వాలేదు, అవి తిండి అని నేను అనను గానీ ఖాళీ కడుపు కన్నా నయం. ముందుగా గ్లాసుడు నీళ్లు తాగితే దాహం తీరుతుంది, మంచిదే. నీళ్లు మాత్రం తిండికి బదులు కావు, అవి టీ కన్నా ముందే జారిపోతాయి.

తర్వాతి నాలుగు రోజులు ఆ తిండి అలాగే ఉంచి టీని మార్చండి. రెండు గ్లాసులకు ఒకటిన్నర చెంచా పొడి. నీళ్లు మరిగాకే పొడి వేయండి, మూడు నిమిషాలు ఉంచి పాలు పోసి ఒక పొంగు రానిచ్చి వెంటనే వడకట్టండి. పాలు మొత్తంలో సగం ఉండాలి. పిప్పి గిన్నెలో ఉండగా మళ్లీ వేడి చేయవద్దు, వడకట్టాకే వేడి చేసుకోవాలి. మొదటి రోజు నీళ్ల టీలా అనిపిస్తుంది, నాలుగో రోజుకు నాలుక సర్దుకుంటుంది.

ఈ ఎనిమిది రోజులూ గోడ మీది క్యాలెండరులో ఏ బాధ ఏ వేళకు వచ్చిందో రాసిపెట్టండి. మొదటి నాలుగు రోజుల్లోనే వికారం పోతే దోషం పరగడుపు వగరుది. వికారం పోయి దడ, వణుకు మిగిలి, పొడి తగ్గించాక అవీ పోతే దోషం కెఫీన్ మోతాదుది. ఆ రెండూ పోయి మంట ఒక్కటే మిగిలితే టీ కన్నా రాత్రి భోజనం వైపు చూడాలి. ఆలస్యంగా, కారంగా తిని వెంటనే పడుకోవడం, లేదా నిజంగానే కడుపులో పుండు ఉండటం కావచ్చు. ఏదీ మారకపోతే టీ నిర్దోషి, మీరు డాక్టరును కలవాల్సిందే.

ఈలోగా ఎవరో గ్రీన్ టీ తాగమనో లెమన్ టీ తాగమనో చెబుతారు. పరగడుపున అవి మీకు ఇంకా కష్టం. రెంటిలోనూ పాలు ఉండవు కాబట్టి వగరును పట్టేవారే లేరు. అల్లం వికారానికి కొంత మేలు చేసే మాట నిజం, అయితే మూడు చెంచాల పొడి వేసిన టీలో అల్లం దంచి వేస్తే అది మామూలు టీ అయిపోదు. హైదరాబాదు ఇరానీ హోటళ్లలో డికాషన్ గంటల తరబడి మరుగుతూనే ఉంటుంది కదా, దాన్ని తాగినవాళ్లు ఎలా తట్టుకుంటున్నారని అడగవచ్చు. అక్కడ కప్పు చిన్నది, పాలు మరిగి చిక్కబడినవి, పక్కన ఉస్మానియా బిస్కెట్టు ఉంటుంది. నేను ఇంతసేపూ చెప్పిన మూడు జాగ్రత్తలూ ఆ బల్ల మీదే ఉన్నాయి.

మీ అత్తగారు పైత్యం అన్నారంటే తప్పేమీ లేదు. వికారం, పుల్లటి తేన్పు, కళ్లు తిరిగినట్టుండటం, వీటన్నిటినీ కలిపి మన పెద్దలు పిలిచిన పేరు అది. ఆవిడ నిమ్మకాయ నీళ్లు ఇవ్వబోతే మాత్రం పరగడుపున వద్దని సౌమ్యంగా చెప్పండి.

తిండికీ టీకీ గంట ఎడం ఉండాలని జాతీయ పోషకాహార సంస్థ మార్గదర్శకాల్లోనే ఉంది, మరి ముందు తిని టీ తాగమంటున్నారేమిటని మీకు అనిపించవచ్చు. ఆ ఎడం ఇనుము కోసం. ఆకుకూరలు, పప్పులు, రాగులలోని ఇనుమును టానిన్లు పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. పెరుగన్నంలో పోగొట్టుకునేంత ఇనుము ఎలాగూ లేదు. మీ అసలు టిఫినుకూ మధ్యాహ్న భోజనానికీ మాత్రం ఆ గంట ఎడం పాటించండి. ఐరన్ మాత్రను టీతో మింగవద్దు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారైతే దాన్ని మంచినీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట ఆగాకే చద్దన్నమైనా టీ అయినా.

కొన్ని సందర్భాల్లో ఈ ఎనిమిది రోజుల పరీక్ష కోసం ఆగకూడదు. మలం తారులా నల్లగా రావడం, వాంతిలో రక్తం లేదా కాఫీ పొడిలాంటి నలుపు, ముద్ద మింగడానికి అడ్డుపడటం, ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, కడుపునొప్పి అర్ధరాత్రి నిద్రలేపడం, వీటిలో ఏది ఉన్నా వెంటనే చూపించుకోండి. కీళ్ల నొప్పులకో తలనొప్పికో తరచూ నొప్పి బిళ్లలు మింగుతుంటే అది కూడా చెప్పండి, కడుపు పుండ్లకు అవి పెద్ద కారణం. ఛాతీ మీద బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లటి చెమట ఉంటే టీ అనో గ్యాస్ అనో కూర్చోకుండా ఈసీజీ తీయించుకోవాలి. మధుమేహానికి మాత్రలు వాడేవారికి ఇదే డొల్లతనం నిజంగానే షుగర్ పడిపోవడం కావచ్చు. మీది ఏడాది నాటి బాధ కాబట్టి మీకు వర్తించదు గానీ, ఇది చదివేవారిలో ఎవరికైనా ఉదయపు వికారం ఈ మధ్యే మొదలై నెలసరి తప్పి ఉంటే ముందు గర్భ పరీక్ష చేసుకోవాలి. గర్భంలో కెఫీన్ ఒంట్లో చాలా ఎక్కువసేపు నిలుస్తుంది, రోజుకు 200 మిల్లీగ్రాములు దాటనివ్వకూడదు.

చివరిగా మీకు ఒక పని. దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. గర్భవతులు కాని స్త్రీలలో 12 గ్రాముల కన్నా తక్కువుంటే రక్తహీనత. మన రెండు రాష్ట్రాల్లోనూ స్త్రీలలో సగానికి పైగా దీనితో ఉన్నారు. రక్తం తక్కువైనా గుండె దడ, నీరసం, లోపల జారిపోతున్నట్టుండటం ఉంటాయి, ఆ దడ టీ మానినా పోదు. ఎనిమిది రోజుల క్యాలెండరు కాగితంతో పాటు ఆ అంకె కూడా రాసి పంపండి.